పాపకు తేనె కాచి ఇవ్వొచ్చా?

ధర్మవరం నుంచి ఒకావిడ అడిగారు: "నాకు గొంతు నొప్పి వస్తే గోరువెచ్చని నీళ్లలో తేనె వేసుకుని తాగుతాను, కాసేపటికి హాయిగా ఉంటుంది. మా మనవరాలికి ఏడో నెల. దానికీ జలుబు చేసింది. తేనె ఇవ్వొద్దని డాక్టరమ్మ అంటోంది. కాచి, చల్లార్చి, ఒక్క చుక్క నాకించినా తప్పేనా?"

తప్పేనమ్మా. కాచినా తప్పే, చుక్కయినా తప్పే. మీ గొంతుకు మేలు చేసే తేనె పాప పేగులో ఎందుకు ప్రమాదమో తెలుసుకోవాలంటే తేనెలోని నీళ్ల సంగతి చూడాలి.

ముందు మీ గొంతు. జలుబుతో వచ్చే గొంతు నొప్పి చాలావరకు వైరస్ వల్ల వచ్చేదే. ఆ వైరస్‌ను వేడి నీళ్లూ చంపవు, తేనే చంపదు. వారం లోపల దానంతటదే తగ్గుతుంది. మరి హాయి ఎక్కడిది? తేనె చిక్కన కాబట్టి మంటగా ఉన్న పొర మీద కాసేపు పూతలా నిలుస్తుంది. తీపి తగలగానే నోట్లో లాలాజలం ఊరుతుంది, మింగుతాం, గొంతు తడుస్తుంది. వెచ్చదనం పని వేరు. 2008లో బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో జలుబు చేసినవాళ్లకు ఒకే పండ్ల పానీయాన్ని వేడిగానూ, మామూలుగానూ ఇచ్చి చూశారు. వేడిగా తాగినవాళ్లకు గొంతు నొప్పి, చలి, నీరసం కూడా తగ్గినట్టు అనిపించింది. ముక్కులో గాలి ఎంత ఆడుతోందో పరికరంతో కొలిస్తే మాత్రం రెండింటికీ తేడా లేదు. అంటే దొరికింది ఉపశమనమే, వైద్యం కాదు. రాత్రంతా దగ్గి నిద్ర లేనివాడికి అదీ తక్కువేం కాదనుకోండి. గ్లాసుడు గోరువెచ్చని నీళ్లకు ఒక చెంచా తేనె చాలు. నాలుక కాలేంత వేడి వద్దు. షుగర్ ఉన్నవాళ్లు ఆ చెంచాను చక్కెర కింద లెక్కేసుకోవాలి. మింగడం కష్టమైనా, జ్వరం తగ్గకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇక తేనె. వంద గ్రాముల తేనెలో నీళ్లు పద్దెనిమిది గ్రాములకు అటూ ఇటూ ఉంటాయి, మిగిలినదంతా దాదాపు చక్కెరలే. ఆ కాసిని నీళ్లను కూడా చక్కెరలు గట్టిగా పట్టుకుని వదలవు. సూక్ష్మజీవికి అందే నీటిని 'నీటి క్రియాశీలత' అనే కొలతతో చెబుతారు. మంచినీళ్లకు అది 1, తేనెకు సుమారు 0.6. ఇప్పుడు మనం మాట్లాడుకోబోయే బాక్టీరియా పెరగాలంటే కనీసం 0.94 ఉండాలి. తేనె ఏళ్ల తరబడి చెడకపోవడానికి ఇదే ముఖ్య కారణం. నల్లమల నుంచి వచ్చే పెద్ద తేనెటీగల తేనెలో నీటి పాలు ఇంకాస్త ఎక్కువ. సీసా మూత తీయగానే బుస్సుమని నురగ పొంగితే, కొద్దిపాటి నీళ్లతోనే బతకగల ఈస్టు అందులో పులుపెక్కిస్తోందన్నమాట.

బాక్టీరియా పెరగలేదంటే చచ్చిపోయిందని కాదు. క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే బాక్టీరియా మట్టిలో, దుమ్ములో ఉంటుంది. నీళ్లు, తిండి అందనప్పుడు తన జన్యుపదార్థం చుట్టూ గట్టి పొరలు కట్టుకుని సిద్ధబీజంగా మారిపోతుంది. అనంతపురం మెట్ట చేను చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. మే నెలలో చేను బీడుగా ఉంటుంది, గడ్డిపోచ కనబడదు. అలాగని మట్టిలో కలుపు విత్తనం లేదా? పదును వాన ఒక్కటి పడనీండి, వారంలో చేనంతా పచ్చబడుతుంది. తేనె ఆ బీడు చేను. సిద్ధబీజం అందులో మొలవదు, చావదు, పదును కోసం కాచుకుని ఉంటుంది.

ఆ పదును పేగులో దొరుకుతుంది. తడి, వెచ్చదనం ఉంటాయి, ఆక్సిజన్ దాదాపు ఉండదు. ఈ బాక్టీరియాకు కావాల్సింది సరిగ్గా అదే. అలాగైతే మీ పేగులోనూ మొలవాలి కదా? మొలవదు. ఏపుగా పెరిగిన పంట కింద కలుపు లేవదు. పెద్దవాళ్ల పెద్దపేగులో లక్షల కోట్ల సూక్ష్మజీవులు చోటును, తిండిని ముందే ఆక్రమించుకుని ఉంటాయి. వచ్చిన సిద్ధబీజం అలాగే బయటికి పోతుంది. పసిబిడ్డ పేగు ఇప్పుడిప్పుడే విత్తు పడుతున్న దుక్కి. అక్కడ పంట దట్టంగా కమ్ముకోవడానికి ఏడాది దాకా పడుతుంది. పన్నెండు నెలలు నిండేదాకా తేనె వద్దనే హద్దు పెట్టింది ఇందుకే. జబ్బు ఎక్కువగా కనబడేది ఆరు నెలల లోపు పిల్లల్లో. ఏడో నెల అంటే ప్రమాదం తగ్గుముఖం పట్టిందనుకోవచ్చేమో గానీ, పోలేదు.

కాచడం దగ్గరికి వద్దాం. ఈ సిద్ధబీజాలు మరుగుతున్న నీళ్లలో గంటల తరబడి తట్టుకోగలవు. చంపాలంటే ఆవిరి ఒత్తిడిలో 121 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాదాపు మూడు నిమిషాలు ఉంచాలి. చక్కెర చిక్కగా ఉన్నచోట, నీళ్లు తక్కువ కాబట్టి, అవి వేడికి ఇంకా మొండికేస్తాయి. తేనె మాడి పాకమవుతుంది గానీ బీజం చచ్చిందని నమ్మలేం. కంపెనీలు తేనెను వేడిచేసేది ఈస్టు కోసం, వీటి కోసం కాదు. చెట్టు నుంచి నేరుగా తెచ్చిన స్వచ్ఛమైన తేనె అన్నా తేడా లేదు. గ్లాసు నీళ్లలో చుక్క వేసి, అడుగుకు దిగితే మంచిదని చూపిస్తుంటారే, ఆ పరీక్షకు సిద్ధబీజాలతో ఏ సంబంధమూ లేదు. వస కొమ్మును తేనెలో అరగదీసి నాకిస్తే మాటలు తొందరగా వస్తాయని మన అవ్వల నమ్మకం. పేరు పెట్టే రోజు ఉంగరాన్ని తేనెలో ముంచి నాలుక మీద రాయడం కొన్ని ఇళ్లలో ఉంది. ఉంగరం ముంచినంత తేనెలో ఎన్ని బీజాలుంటాయో ఎవరూ లెక్కపెట్టలేరు, కొన్ని పదులున్నా చాలని శాస్త్రవేత్తల అంచనా.

మొలిచిన బాక్టీరియా పేగులోనే విషం తయారుచేస్తుంది. అది రక్తంలోకి ఎక్కి, నరం కండరాన్ని తాకేచోట, నరం కొనలోకి దూరుతుంది. నరం నుంచి కండరానికి 'కదులు' అనే కబురు ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం రూపంలో వెళ్తుంది. ఆ రసాయనాన్ని బయటికి విడిచిపెట్టే ప్రోటీన్లను ఈ విషం కోసేస్తుంది. కండరం బాగానే ఉంటుంది, కబురే అందదు. ముడతలు పోవడానికి పొడిపించుకునే బొటాక్స్ ఈ విషమే, అత్యల్ప మోతాదులో.

అయిదు నెలల బిడ్డలో ఇది ఎలా బయటపడుతుందో చూడండి. తేనె నాకించిన మూడో రోజు నుంచి నెల లోపు ఎప్పుడైనా మొదలుకావచ్చు. మొదట మలబద్ధకం. మూడు రోజులైనా విరేచనం కాకపోతే ఇంట్లో గ్రైప్ వాటర్ పోసి ఊరుకుంటారు. తర్వాత పాలు చీకడంలో పట్టు తప్పుతుంది, పెదవి చివర నుంచి పాలు కారిపోతాయి. ఏడుపు సన్నబడుతుంది. కనురెప్పలు వాలతాయి. నిన్నటిదాకా నిలిపిన మెడ వాలిపోతుంది. బలహీనత ముఖం నుంచి కిందికి దిగుతుంది, ఊపిరి తీసే కండరాలను చేరితే వెంటిలేటర్ కావాలి. చాలామందికి జ్వరం ఉండదు, అందుకే పెద్దవాళ్లు 'బిడ్డ నెమ్మదిగా ఉంది' అనుకుంటారు. 1976లో కాలిఫోర్నియాలో గుర్తించేదాకా పసిపిల్లల్లో దీన్ని వేరే జబ్బుగా వైద్యులూ ఎరగరు. సమయానికి ఆసుపత్రికి చేరిస్తే నరం కొనలు తిరిగి సర్దుకుంటాయి, కాకపోతే వారాలు, నెలలు పడుతుంది. జెంటామైసిన్ లాంటి కొన్ని యాంటీబయాటిక్‌లు ఈ బలహీనతను ఇంకా పెంచుతాయి కాబట్టి డాక్టరుకు తేనె సంగతి దాచకూడదు.

మీ మనవరాలి జలుబుకు తల్లిపాలు మానకుండా పట్టించండి. ముక్కు మూసుకుపోతే డాక్టరు చెప్పిన ఉప్పునీటి చుక్కలు వేయండి. ఇప్పటికే తేనె నాకించి ఉంటే కక్కించే ప్రయత్నం చేయకండి, చాలామంది పిల్లలకు ఏమీ కాదు. నెల రోజుల పాటు విరేచనం, పాలు చీకే పట్టు, మెడ గమనించండి. వీటిలో ఏది తప్పినా అదే రోజు పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లి, ఏ తేదీన తేనె పెట్టారో మొదటి మాటగా చెప్పండి.