గోల్ కొడతాడా? ముందు ఎన్ని నిమిషాలు ఆడతాడో చెప్పండి

2021-22 ఐఎస్‌ఎల్ ఫుట్‌బాల్ సీజన్‌లో మన హైదరాబాద్ ఎఫ్‌సీ స్ట్రైకర్ ఒగ్‌బెచే 20 మ్యాచ్‌ల్లో 18 గోల్స్ కొట్టాడు. "అంటే ఏ మ్యాచ్‌లోనైనా అతను గోల్ కొట్టే అవకాశం 90 శాతమే కదా?" అని కూకట్‌పల్లి నుంచి ఒక ఇంటర్ విద్యార్థి అడిగాడు. చాలా మంచి ప్రశ్న. కానీ జవాబు 59 శాతం దగ్గర ఉంటుంది.

ఆ సీజన్‌లో ఈస్ట్ బెంగాల్ మీద అతను హ్యాట్రిక్ చేశాడు. మూడు గోల్స్ సగటుకు కలిశాయి గానీ, "గోల్ కొట్టిన మ్యాచ్" మాత్రం ఒకటే. సగటు 0.9 అయితే, ఒక్కటీ కొట్టకుండా మ్యాచ్ ముగిసే అవకాశం e^(−0.9), అంటే దాదాపు 0.41. మిగిలింది 0.59. ఇంటర్ రెండో సంవత్సరంలో చెప్పే పాయిజాన్ విభాజనం ఇదే. దాన్ని ఒక ఆటగాడి పేరుతో మొదలుపెట్టి చెబితే పిల్లలు ఒక్క పీరియడ్‌లో పట్టేస్తారని నా నమ్మకం.

విదేశాల్లో బెట్టింగ్ కంపెనీలు "ఎనీటైమ్ గోల్‌స్కోరర్" అనే రేటు ఇస్తాయి. ఆటగాడు మ్యాచ్‌లో ఎప్పుడు గోల్ కొట్టినా చాలు. సెల్ఫ్ గోల్ లెక్కలోకి రాదు, ఎక్స్‌ట్రా టైమ్, షూటౌట్ కూడా మామూలుగా రావు. తెలంగాణలో బెట్టింగ్ నేరం, ఆ జోలికి వెళ్లొద్దు. నాకు నచ్చింది ఆ రేటు వెనకున్న లెక్క.

ఒక ఊహాజనిత స్ట్రైకర్‌ని తీసుకుందాం. గణాంకాల్లో మ్యాచ్‌కి 2 షాట్లు అని ఉంది. చాలామంది ఇక్కడే బోల్తాపడతారు. ఆ సగటులో అతను చివర్లో వచ్చి కాసేపు ఆడిన మ్యాచ్‌లూ ఉన్నాయి. సగటున మ్యాచ్‌కి 60 నిమిషాలే ఆడాడనుకుంటే, అసలు వేగం 90 నిమిషాలకు 3 షాట్లు. ఇది సరిచేయకుండా ఆ 2నే మళ్లీ నిమిషాలతో తగ్గిస్తే, ఒకే కోతను రెండుసార్లు కోసినట్టే.

ఇక షాట్ నాణ్యత. షాట్ ఎంత దూరం నుంచి, ఏ కోణంలో, కాలితోనా తలతోనా అన్నది చూసి, అలాంటి షాట్లు గతంలో ఎంత తరచుగా గోల్ అయ్యాయో చెప్పే సంఖ్యే ఎక్స్‌పెక్టెడ్ గోల్స్. మనవాడి షాట్ సగటు విలువ 0.12 అనుకుందాం. మూడు షాట్లకు 0.36. పెనాల్టీలు కూడా అతనే కొడితే వాటికి ఇంకో 0.09 కలపొచ్చు, ఎందుకంటే పెనాల్టీ ఒక్కటే దాదాపు 0.78 విలువ చేస్తుంది గానీ జట్టుకు అది ఏ ఎనిమిది, తొమ్మిది మ్యాచ్‌లకో ఒకసారి దొరుకుతుంది. మొత్తం 90 నిమిషాలకు 0.45.

ఇప్పుడు నిమిషాలు. మొదటి పదకొండు మందిలో ఉండే అవకాశం 60 శాతం, అప్పుడు 80 నిమిషాలు ఆడతాడు. బెంచ్ మీద నుంచి వచ్చే అవకాశం 30 శాతం, అప్పుడు 20 నిమిషాలు. మిగతా 10 శాతం అసలు దిగడు. దిగకపోతే సాధారణంగా పందెం రద్దు, డబ్బు వాపస్. అందుకే ఆ 10 శాతాన్ని లెక్కలోంచి తీసేయాలి.

మొదటి నుంచి ఆడితే సగటు 0.40, గోల్ అవకాశం 33 శాతం. ఆలస్యంగా వస్తే సగటు 0.10, అవకాశం 9.5 శాతం. వీటిని 60కి 30 నిష్పత్తిలో కలిపితే 25.2 శాతం. 1ని 0.252తో భాగిస్తే న్యాయమైన రేటు దాదాపు 4, అంటే రూపాయి పెట్టి గెలిస్తే మొత్తం నాలుగు రూపాయలు చేతికొస్తాయి. కంపెనీ తన లాభం కలుపుకుని 3.50 చూపిస్తే, అది 28.6 శాతం అవకాశం ఉన్నవాడికి తగిన రేటు.

మ్యాచ్‌కి గంట, గంటంపావు ముందు జట్టు లిస్ట్ బయటికొస్తుంది. పేరు మొదటి పదకొండులో ఉంటే ఆ 4 కాస్తా 3 అవుతుంది. బెంచ్ మీద ఉంటే పదిన్నర. ఆటగాడి కాళ్లలో ఏమీ మారలేదు, మారింది నిమిషాలు మాత్రమే. "మూడు మ్యాచ్‌లుగా కొట్టలేదు, ఈసారి తప్పక కొడతాడు" అనే నమ్మకానికి ఈ లెక్కలో ఎక్కడా చోటు లేదు. మూడు మ్యాచ్‌లుగా గోల్ లేదని కోచ్ అతన్ని బెంచ్ మీద కూర్చోబెడితే రేటు ఇంకా పెరుగుతుంది.

అలాగని ఆలస్యంగా వచ్చేవాణ్ని కొట్టిపారేయలేం. 2022 ఐఎస్‌ఎల్ ఫైనల్‌లో కేరళ బ్లాస్టర్స్ మీద 88వ నిమిషంలో స్కోరు సమం చేసిన హైదరాబాద్ ఆటగాడు సాహిల్ తవోరా సబ్‌స్టిట్యూట్‌గానే దిగాడు. చివరి నిమిషాల్లో రక్షకులు అలసిపోతారు, వెనకబడిన జట్టు ముందుకు తోసుకొస్తుంది, గోల్స్ సగటు కంటే ఎక్కువ పడతాయి. కాబట్టి ఆ 20 నిమిషాలకు నేను వేసిన 0.10 కొంచెం తక్కువే.

లెక్క సరిగా వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఒక మంచి దారి ఉంది. జట్టులో ప్రతి ఒక్కరికీ ఇలాగే సగటు కట్టి, దిగని అవకాశాన్ని కూడా ఈసారి లెక్కలో ఉంచి, అన్నీ కూడండి. ఆ మొత్తం జట్టంతటికీ అంచనా వేసిన గోల్స్‌కి దగ్గరగా రావాలి, సెల్ఫ్ గోల్స్ కోసం కాస్త తక్కువగా. జట్టు అంచనా 1.5 ఉండి మీ కూడిక 2.1 వస్తే, అందరికీ కలిపి మీరు పంచిన నిమిషాలు 990 దాటాయేమో ముందు చూడండి. పదకొండు మందికి తొంభై నిమిషాల చొప్పున ఉన్నవి అవే.