నైట్ డ్యూటీ, బీపీ: అపోహలు - వాస్తవాలు

బీపీ క్లినిక్‌కి వచ్చే నర్సులు, కాల్ సెంటర్ ఉద్యోగులు చెప్పే మాటల్లో కొన్ని తరచూ వినబడతాయి. వాటిలో ముఖ్యమైనవి ఇవి.

అపోహ: కొన్నాళ్లకు నైట్ డ్యూటీ శరీరానికి అలవాటైపోతుంది.

చాలామందికి పూర్తిగా అలవాటు కాదు. సెలవు రోజు రాగానే అందరిలా రాత్రి పడుకుంటారు, దాంతో సర్దుకోబోతున్న శరీర గడియారం మళ్లీ మొదటికొస్తుంది. పైగా పగటి నిద్ర ఎక్కువసేపు పట్టదు. నిద్ర తగ్గితే బీపీ దిగి ఉండే సమయం కూడా తగ్గుతుంది.

అపోహ: 24 గంటల బీపీ రిపోర్టులో రాత్రి బీపీ ఎక్కువ ఉందంటే ప్రమాదమే.

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. మామూలుగా నిద్రలో బీపీ మెలకువలో కంటే 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. తగ్గకపోయినా, తిరగబడి పెరిగినా గుండెకు, మెదడుకు ముప్పు ఎక్కువ. అది తెలుసుకోవడానికే చేతికి పట్టీ కట్టి 24 గంటలు కొలుస్తాం. అయితే చాలా మెషీన్లలో రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు అని ముందే పెట్టి ఉంటుంది. మీరు అప్పుడు వార్డులో పరుగెడుతున్నారో, హెడ్‌సెట్ పెట్టుకుని కస్టమర్ కోపం భరిస్తున్నారో దానికి తెలియదు!

ఒక నర్సు రిపోర్టు ఉదాహరణగా తీసుకుందాం. పై బీపీ సగటు పగలు 130, రాత్రి 142. చూడగానే బీపీ తిరగబడిందనిపిస్తుంది. కానీ ఆమె నిద్రపోయింది ఉదయం 9:30 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు. ఆ వేళల ప్రకారం అవే రీడింగులను మళ్లీ విడదీస్తే మెలకువలో సగటు 139, నిద్రలో 118. అంటే నిద్రలో 15 శాతం తగ్గింది, తిరగబడలేదు. మిగిలిన సమస్య మెలకువలో ఉన్న 139. ఈ పరీక్షలో అది 135 లోపు ఉండాలి. అంటే ఆమె బీపీ అదుపులో లేని మాట నిజమే, కానీ రిపోర్టు చూపించిన కారణం వేరు. అందుకే పట్టీ కట్టించుకునే రోజు ఎప్పుడు పడుకున్నారో, ఎప్పుడు లేచారో కాగితం మీద రాసి ఇవ్వండి. వేళలు మార్చి రిపోర్టు తీయమని అడగడానికి మొహమాటపడొద్దు.

అపోహ: బీపీ మాత్ర పొద్దున్నే వేసుకోవాలి.

ఆ నర్సు మెలకువలో 139 ఉండడానికి కారణం ఈ నమ్మకమే. డే డ్యూటీలో ఉదయం 6కి మాత్ర వేసుకునేది. నైట్ డ్యూటీ మొదలైన రోజు, లేచాకే తనకు ‘పొద్దున’ కాబట్టి, సాయంత్రం 4కి వేసుకునేది. మధ్యలో 34 గంటల ఖాళీ! రోజుకు ఒక్కటే వేసుకునే మాత్రల్లోనూ కొన్నింటి ప్రభావం అప్పటికి బాగా పడిపోతుంది.

పొద్దునా, పడుకునే ముందా అన్న దానికి అంత పట్టింపు అక్కర్లేదు. బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా పాల్గొన్న టైమ్ అనే అధ్యయనం 2022లో వెలువడింది. ఉదయం వేసుకున్నవాళ్లకూ, రాత్రి వేసుకున్నవాళ్లకూ గుండెపోటు, పక్షవాతం ముప్పులో తేడా కనబడలేదు. ముఖ్యమైంది 24 గంటల ఎడం. అందుకే ఏ షిఫ్టులోనైనా మెలకువగా ఉండే గంట ఒకటి ఎంచుకోండి. ఆమెకు సాయంత్రం 5 కుదిరింది, ఫోన్‌లో అలారం పెట్టుకుంది. వేళ మార్చే ముందు డాక్టర్‌తో ఒక మాట చెప్పండి. ముఖ్యంగా మూత్రం ఎక్కువ పోయించే మాత్ర అయితే పడుకునే ముందు వద్దు, ఉన్న కాస్త నిద్రా పాడవుతుంది.

అపోహ: డ్యూటీ దిగగానే చూసిన రీడింగే నిజమైన బీపీ.

అది అలసటతో, టెన్షన్‌తో, తెల్లవారుజామున తాగిన కాఫీతో కలిసిన బీపీ. దాన్ని చూసి మోతాదు పెంచితే సెలవు రోజుల్లో కళ్లు తిరగొచ్చు. నిద్ర లేచాక మూత్రానికి వెళ్లొచ్చి, కాఫీకి, మాత్రకు ముందు, 5 నిమిషాలు ఊరికే కూర్చుని, ఒకటి రెండు నిమిషాల తేడాతో రెండుసార్లు చూడండి. నిద్రకు ముందు మరోసారి అలాగే. పక్కన గడియారం టైమ్‌తో పాటు ‘నైట్ డ్యూటీ, లేచాక’ అని కూడా రాయండి. ఆ ముక్క లేకపోతే వారం రోజుల రీడింగులున్నా మాకు సగమే అర్థమవుతాయి.

అపోహ: పగలంతా పడుకున్నా మత్తుగా ఉంటే అది షిఫ్టు వల్లే.

కావచ్చు. కానీ ఇంట్లోవాళ్లు మీ గురక గురించి, నిద్రలో ఊపిరి ఆగినట్టు అనిపించడం గురించి చెబుతుంటే స్లీప్ ఆప్నియా పరీక్ష చేయించాలి. రెండు మూడు రకాల మందులకూ లొంగని బీపీ వెనక ఇది ఉండొచ్చు. దాన్ని వదిలేసి మరో మాత్ర కలిపినా పెద్దగా ఫలితం ఉండకపోవచ్చు.