రంగప్రవేశానికి ఆఫీసులో సెలవు అడగడం: అపోహలు - వాస్తవాలు

నేను కూచిపూడి నేర్పిస్తాను. రంగప్రవేశం అంటే శిష్యులు మొదటిసారి ఒక్కరే చేసే పూర్తి ప్రదర్శన. ఒకప్పుడు అది పదో తరగతి లోపు పిల్లలదే. ఇప్పుడు నా దగ్గర బ్యాంకుల్లో, సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో, ఆస్పత్రుల్లో పనిచేస్తూ నేర్చుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. తరంగం, తిల్లానా లాంటి ఐటమ్స్ బాగా కుదిరి, ఇక తేదీ పెట్టుకుందాం అనుకున్నాక వాళ్లకు మొదటి టెన్షన్ స్టేజీ గురించి కాదు. "మేనేజర్‌కి ఎలా చెప్పాలి టీచర్?" అని అడుగుతారు. ఈ విషయంలో వాళ్లకు ఉండే కొన్ని నమ్మకాలు ఆఖరి వారాన్ని పాడుచేస్తాయి. వాటి గురించే ఇది.

అపోహ: ప్రోగ్రాం ఆదివారమే కదా, సెలవు ఎందుకు? మరీ అయితే శనివారం ఒక్కరోజు చాలు.

వాస్తవం: సెలవు కావాల్సింది ప్రోగ్రాం రోజు కోసం కాదు, ఆర్కెస్ట్రా రిహార్సల్ కోసం.

క్లాసులో ఏళ్ల తరబడి ప్రాక్టీస్ చేసేది ఎక్కువగా రికార్డింగ్ మీద, లేదా నా తాళం మీద. రికార్డింగ్‌లో వేగం ఏ రోజూ మారదు. ఆర్కెస్ట్రా వచ్చాక పరిస్థితి వేరు. గాయకులు భామాకలాపంలో ప్రవేశ దరువు పాడుతూ ఒక పంక్తిని ఇంకోసారి తిప్పుతారు, మృదంగ విద్వాంసులు ముక్తాయింపును, అంటే ముగింపు లయను, కొంచెం పొడిగిస్తారు. నర్తకి ఆ నిమిషంలోనే దాన్ని విని అభినయాన్ని సాగదీయాలి, లేదా ముగించాలి. ఇది మొదటిసారి స్టేజీ మీదే చేయాల్సి వస్తే ఎంత బాగా నేర్చుకున్నవాళ్లకైనా అడుగు తడబడుతుంది. తరంగంలో పళ్లెం అంచుల మీద నిలబడి మృదంగానికి పాదాలతో జవాబు చెప్పే చోట ఇది ఇంకా బాగా తెలుస్తుంది. లయ తేలిపోయిందంటే ముందు పళ్లెం ఆగిపోతుంది.

అందుకే ఆర్కెస్ట్రాతో కనీసం రెండుసార్లు కూర్చోవాలి. గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు కళాకారులకు సాయంత్రాలు, ఆదివారాలు కచేరీలు ఉంటాయి. వాళ్లంతా ఒకే చోట దొరికేది మామూలు పనిరోజు పగటి పూటే. మీ ఆఫీసు టైమూ సరిగ్గా అదే.

ఇక ప్రోగ్రాం మర్నాడు. దాదాపు రెండు గంటలు ఒక్కరే ఆడాక పిక్కలు బిగుసుకుపోతాయి, పళ్లెం అంచు ఒత్తుకున్న చోట అరికాలు నొప్పి పెడుతుంది. అద్దెకు తెచ్చిన నగలు, జడ సామాను తిరిగి ఇవ్వడం, కళాకారుల లెక్కలు చూడటం కూడా ఆ రోజే ఉంటాయి. దీన్ని సెలవులో కలుపుకోనివాళ్లు సోమవారం పొద్దున ఫోన్ చేసి ఒంట్లో బాగాలేదని చెప్పాల్సి వస్తుంది. మేనేజర్‌కు చిరాకు వచ్చేది అప్పుడే.

అపోహ: కళ గొప్పతనం వివరిస్తే మేనేజర్ కాదనరు.

వాస్తవం: నాట్యం తెలియని మేనేజర్‌కు కూచిపూడి ఆదిగురువు సిద్ధేంద్రయోగి నుంచి మొదలుపెట్టి చెప్పక్కర్లేదు. ఆయన మనసులో ఉండే ప్రశ్నలు వేరు. ఇది వాయిదా వేసుకోలేరా? మీరు లేని రోజుల్లో పని ఎవరు చూస్తారు? మళ్లీ ప్రతి నెలా ఇలాగే అడుగుతారా? ఇది మీకు రెండో ఉద్యోగమా? ఉత్తరం వీటికి జవాబు చెప్పాలి.

"డాన్స్ ప్రోగ్రాం ఉంది" అంటే చాలామందికి స్కూలు వార్షికోత్సవం గుర్తొస్తుంది. ముప్ఫైమందిలో ఒకరు రాకపోయినా వరుస సర్దుకుంటుంది కదా అనుకుంటారు. కాబట్టి చెప్పాల్సిన మొదటి మాట, ఇందులో స్టేజీ మీద ఉండేది మీరు ఒక్కరే అని. మీ బదులు ఆడేవాళ్లు ఉండరు. శిష్యురాలిగా నేర్చుకున్నదంతా ఒక పూర్తి కచేరీగా, గురువు తాళం వేసి నడిపించే నట్టువాంగం మీద, మొదటిసారి నలుగురి ముందు పెట్టడమే రంగప్రవేశం. ఇది జీవితంలో ఒక్కసారే జరుగుతుంది. ఈ నాలుగు వాక్యాలు చాలు.

నా శిష్యురాలు ఒకామె విజయవాడలో ఒక బ్యాంకు బ్రాంచిలో క్లర్కు, క్యాష్ కౌంటర్ ఆమెదే. తేదీ ఖాయం చేయకముందే మేమిద్దరం ఆమె బ్రాంచి పని ఎలా నడుస్తుందో కూర్చుని చూసుకున్నాం. మార్చి, సెప్టెంబరు లాంటి త్రైమాసికం చివరి నెలలు వద్దనుకున్నాం. ఏ నెలైనా మొదటి వారం పెన్షన్ల రద్దీ, అదీ వద్దు. బ్యాంకులకు రెండో శనివారం సెలవు కాబట్టి దాని తర్వాతి ఆదివారం పెట్టుకున్నాం. హాలు ఆ తర్వాతే బుక్ చేశాం. గురువులు సాధారణంగా ముందు హాలు చూస్తారు. ఉద్యోగం చేసే శిష్యుల విషయంలో ముందు ఆఫీసు క్యాలెండర్ చూడాలి అన్నది నా గట్టి అభిప్రాయం.

దాంతో ఆమె అడగాల్సినవి మూడు రోజులే అయ్యాయి. గురువారం, శుక్రవారం ఆర్కెస్ట్రా రిహార్సల్, సోమవారం విశ్రాంతి. బ్యాంకు ఉద్యోగులు క్యాజువల్ లీవు ఒకేసారి నాలుగు రోజులకు మించి పెట్టకూడదు. మూడు రోజులు కాబట్టి ఆ ఇబ్బంది లేకపోయింది.

హాలు ఖాయమైన వారంలోనే ఆమె మేనేజర్‌తో మాట్లాడింది, తర్వాత ఇంగ్లీషులో ఉత్తరం ఇచ్చింది. అందులో సారాంశం ఇది:

"మేడమ్, నేను చాలా ఏళ్లుగా కూచిపూడి నేర్చుకుంటున్నాను. ఫలానా ఆదివారం సాయంత్రం 6 గంటలకు నా రంగప్రవేశం. ఇది నా మొదటి పూర్తి సోలో ప్రదర్శన, నా బదులు ఆడేవారు ఎవరూ ఉండరు. హాలు, ఆర్కెస్ట్రా కళాకారుల తేదీలు కలిపి బుక్ అయ్యాయి, మార్చడం కుదరదు. గురు, శుక్రవారాలు పగలు ఆర్కెస్ట్రాతో రిహార్సల్ ఉంది. ఈ రెండు రోజులతోపాటు సోమవారానికి క్యాజువల్ లీవు కోరుతున్నాను. పెన్షన్ల వారం పూర్తిగా డ్యూటీలో ఉంటాను. బుధవారం సాయంత్రం క్యాష్ లెక్క ముగించి, తాళాలు మీరు చెప్పినవారికి రిజిస్టర్లో రాసి అప్పగిస్తాను. దీనివల్ల నాకు ఎలాంటి పారితోషికం లేదు."

తాళాల మాట రాయమన్నది ఆమె సహోద్యోగి. బ్యాంకులో క్యాష్ తాళాలు ఇద్దరి దగ్గర ఉంటాయి, ఒకరు రాకపోతే పొద్దున సేఫ్ తెరుచుకోదు. మేనేజర్‌కు అసలు దిగులు అదే. ఆ ఒక్క వాక్యంతో సగం సంభాషణ అయిపోయింది. మీ ఆఫీసులోనూ అలాంటి తాళం ఒకటి ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో అది రిలీజ్ తేదీ కావచ్చు, ఆస్పత్రిలో నైట్ డ్యూటీ రోస్టర్ కావచ్చు. అదేమిటో కనుక్కుని ఉత్తరంలో రాయండి.

మేడమ్ అడిగింది ఒక్కటే: "శుక్రవారం పొద్దున రెండు గంటలు వచ్చి వెళ్లగలవా?" ఆమె కుదరదంది, కారణం కూడా చెప్పింది. పదింటికి మృదంగం శ్రుతి చేసి కూర్చున్నాక ఆరుగురు కళాకారులు ఆమె కోసం ఎదురుచూస్తారు. కావాలంటే సోమవారం మధ్యాహ్నం నుంచి వస్తానంది. అలాగే ఒప్పుకున్నారు.

అపోహ: అసలు కారణం ఎందుకు, జ్వరం అనో ఫ్యామిలీ ఫంక్షన్ అనో పెట్టేస్తే గొడవ ఉండదు.

వాస్తవం: రంగప్రవేశానికి ఆహ్వాన పత్రిక అచ్చు వేయిస్తారు, అందులో మీ ఫొటో, పేరు, తేదీ ఉంటాయి. మీ అమ్మానాన్నలు దాన్ని వాట్సాప్‌లో అందరికీ పంపుతారు. సిక్ లీవు పెట్టిన మనిషి అదే వారం గజ్జెలతో కనిపిస్తే తర్వాత నిజంగా జ్వరం వచ్చినప్పుడు కూడా నమ్మరు. పైగా అబద్ధం చెబితే ఆఫీసువాళ్లను పిలవలేరు. పత్రిక అచ్చయ్యాక మొదటి కాపీల్లో ఒకటి మేనేజర్‌కు ఇవ్వమని నేను శిష్యులందరికీ చెబుతాను.

అపోహ: ఎంత ఎక్కువ సెలవు దొరికితే అంత మంచిది.

వాస్తవం: నెల రోజులు సెలవు పెట్టి రోజంతా ప్రాక్టీస్ చేస్తానంటే నేనే వద్దంటాను. రెండు గంటలు ఆడే దమ్ము ఆరేడు నెలల పాటు రోజూ పొద్దున చేసే సాధనతో వస్తుంది. ఆఖరి నెలలో ఒక్కసారిగా గంటలు పెంచితే మోకాలి కింద కాలి ముందు ఎముక నొప్పి మొదలవుతుంది. గట్టి నేల మీద కాలు తట్టేవాళ్లకు ఇది మామూలే. వేలితో నొక్కితే ఒకే చోట పదునుగా నొప్పి ఉండి, రాత్రి విశ్రాంతిలో కూడా తగ్గకపోతే ఆడటం ఆపి డాక్టరుకు చూపించాలి. శనివారం నేను అడుగులు అసలు వేయించను. స్టేజీ మీద ఎక్కడ నిలబడాలి, లైట్లు ఎటు, పళ్లెం ఎక్కడ పెట్టాలి, ఇవే చూసుకుంటాం. కార్పెట్ వేసిన స్టేజీ మీద పళ్లెం కదలదు, అది ముందురోజే తెలుసుకోవాలి.

అపోహ: సెలవు రాకపోతే తేదీ జరుపుకోవచ్చు.

వాస్తవం: హాలు, ఆరుగురు కళాకారులు, ముఖ్య అతిథి, మేకప్ ఆర్టిస్టు అందరి తేదీలు మళ్లీ కలవాలంటే నెలలు పడుతుంది, కట్టిన అడ్వాన్సు చాలాసార్లు వెనక్కి రాదు. అలాగని సెలవును హక్కుగా డిమాండ్ చేయలేం. ఆడిట్ వచ్చిందంటే మేనేజర్ నిజంగానే కాదనవచ్చు. అందుకని అడిగే ముందే ఏది వదులుకోగలరో ఒక వరుస పెట్టుకోండి. మొదట వదలాల్సింది సోమవారం, బాధ భరించి ఆఫీసుకు వెళ్లవచ్చు. తర్వాత గురువారం, గాయకులను, మృదంగ విద్వాంసులను బతిమాలి ఆ రిహార్సల్ బుధవారం రాత్రికి మార్చుకోవచ్చు, వయొలిన్, వేణువు లేకుండా. శుక్రవారం మాత్రం వదలకూడదు. ఐటమ్స్ అన్నీ వరుసగా, మధ్యలో ఆపకుండా, మొత్తం ఆర్కెస్ట్రాతో ఆడేది ఆ ఒక్కరోజే. అదీ దొరకదని ముందే తేలితే కార్యక్రమంలోంచి జావళి, పదం లాంటి అభినయ ఐటమ్ ఒకటి తీసేసి నిడివి తగ్గిస్తాను, రిహార్సల్ లేకుండా మాత్రం స్టేజీ ఎక్కించను.

అపోహ: ప్రభుత్వ ఉద్యోగులు స్టేజీ ఎక్కకూడదు.

వాస్తవం: కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమాల్లో (1964) 15వ నియమం ప్రకారం, డ్యూటీకి అడ్డు రానంతవరకు అప్పుడప్పుడు చేసే సాహిత్య, కళా సంబంధమైన పనికి ముందస్తు అనుమతి అక్కర్లేదు. సెలవు మాత్రం విడిగా అడగాలి. రాష్ట్ర ప్రభుత్వాలకు, బ్యాంకులకు వాటి నియమాలు వాటికి ఉంటాయి. ప్రైవేటు కంపెనీల్లో అపాయింట్‌మెంట్ లెటర్లో బయటి పని చేయకూడదన్న షరతు ఉందేమో చూసుకోండి. ఉంటే, డబ్బు తీసుకోవడం లేదన్న వాక్యాన్ని ఉత్తరంలో తప్పకుండా ఉంచి, ఒక కాపీ హెచ్‌ఆర్‌కు కూడా పంపండి.