క్రియేటిన్ తగువు: పరుగుకూ సైకిలుకూ ఒకే జవాబు ఎందుకు కుదరదు

కానిస్టేబుల్ దేహదారుఢ్య పరీక్షలకు సాధన మొదలైందంటే కాకినాడ, రాజమహేంద్రవరం, భీమవరం మైదానాల్లో పాత తగువు మళ్లీ లేస్తుంది. కండబలానికని డబ్బాల్లో అమ్మే క్రియేటిన్ పొడి దమ్ము పెంచుతుందని జిమ్ కుర్రాళ్లు, కాళ్లు బరువెక్కిస్తుందని పరుగు నేర్పే మాస్టార్లు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ తర్వాత స్ప్రింటర్లు దీని వెంట పడ్డ సంగతి అందరికీ తెలిసిందే. ఇప్పటి తగువుకి మూలం మాత్రం ఆ మరుసటి ఏడాది జరిగిన ఒక పరీక్షలో ఉంది.

1993లో స్వీడన్ పరిశోధకులు బాగా సాధన ఉన్నవాళ్లకు రోజుకి 20 గ్రాముల క్రియేటిన్ ఆరు రోజులు ఇచ్చి, ఎగుడుదిగుడు నేల మీద 6 కిలోమీటర్లు పరిగెత్తించారు. వాళ్ల బరువు దాదాపు కిలో పెరిగింది, పరుగు సమయం తగ్గకపోగా పెరిగింది. కారణం సూటిగానే ఉంది. కండరంలో క్రియేటిన్ నిల్వ పెరిగితే దానితో పాటు నీరూ చేరుతుంది. ఆ నిల్వ అక్కరకొచ్చేది పది సెకన్ల లోపు పూర్తి బలం పెట్టినప్పుడు. అరగంట పరుగుకు కావలసిన శక్తి దాదాపు అంతా ఆక్సిజన్ మీద ఆధారపడి వస్తుంది.

కానిస్టేబుల్ పరీక్షలో పురుషులు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తి చేయాలి. 60 కిలోల అభ్యర్థి 7 నిమిషాల 55 సెకన్లలో ముగిస్తున్నాడనుకుందాం. పరుగులో ఖర్చయ్యే శక్తి ఒంటి బరువును బట్టి ఉంటుంది కాబట్టి, కిలో పెరిగితే అదే శ్రమకు సమయం 1.7 శాతం, అంటే సుమారు 8 సెకన్లు పెరగొచ్చు. పరీక్ష పోయినట్టే. ఆఖరి 200 మీటర్ల దూకుడులో కొంత తిరిగి రావచ్చు గానీ, ఇంత సన్నటి అంచు మీద ఉన్నవాడు దాన్ని నమ్ముకోకూడదు. 100 మీటర్ల పరుగే తన బలం అనుకునేవాడి లెక్క వేరు. మాస్టార్ల మాటలో పస ఉన్నది ఇక్కడే.

అయితే ఆ 20 గ్రాముల మోతాదే తప్పనిసరి కాదని 1996లో తేలింది. రోజుకి 3 గ్రాముల చొప్పున 28 రోజులు తీసుకున్నా కండరం చివరికి అంతే నిండుతుంది, నెమ్మదిగా నిండుతుంది, అంతే. ఈ సంగతి మన మైదానాలకు ఇప్పటికీ సరిగా చేరలేదు. పరీక్షకు వారం ముందు డబ్బా కొని, ఒకేసారి పది గ్రాములు పైగా కలుపుకుని తాగేస్తున్నారు. దాంతో విరేచనాలు, ఆ వెంటనే బరువు.

సైకిలు దగ్గరికొస్తే లెక్క మారుతుంది. 1998లో బెల్జియంలో సైక్లిస్టులను రెండున్నర గంటలు తొక్కించి, ఆపైన అలసిపోయేదాకా తొక్కించారు. క్రియేటిన్ వల్ల వాళ్లు ఎక్కువసేపు తొక్కలేదు. కానీ ఆ వెంటనే పెట్టిన పది సెకన్ల స్ప్రింట్లలో బలం 8, 9 శాతం ఎక్కువ వచ్చింది. 2018లో 120 కిలోమీటర్ల పరీక్షలోనూ మొత్తం సమయం మారలేదు, చివరి స్ప్రింట్లలోనే ఫలం కనిపించింది.

బరువు మాటకొస్తే, డెల్టాలో కాలవ గట్ల రోడ్లు బల్లపరుపు. గంటకి 30 కిలోమీటర్ల వేగంలో సైక్లిస్టు పోరాడేది ప్రధానంగా గాలితో. కిలో బరువు పెరిగితే టైరు రాపిడికి అదనంగా పోయేది అర వాట్ లోపే. వంతెన ఎక్కేటప్పుడు కాస్త తెలుస్తుంది. రావులపాలెం నుంచి అమలాపురం దాకా గుంపుగా తొక్కి చివరి కిలోమీటరులో తేల్చుకునేవాళ్లకు క్రియేటిన్ నష్టం కాదు, లాభమే. అదే మనిషి అరకు ఘాట్ రోడ్డు ఎక్కాలంటే ఆ కిలోని ఒక్కో మీటరు పైకి మోయాల్సిందే.

వాడాలనుకునేవాళ్లు పోటీకి కనీసం పది వారాల ముందు మొదలుపెట్టాలి. మామూలు మోనోహైడ్రేట్ పొడి చాలు. డబ్బాలోని స్పూనుని నమ్మకుండా చిన్న కాటా మీద ఒకసారి తూచి 3 గ్రాములు ఎంతో చూసుకుని, రోజూ భోజనం తర్వాత నీళ్లలో కలుపుకుని అప్పుడే తాగాలి. రాత్రి కలిపి పొద్దున్న తాగితే కొంత క్రియాటినిన్ అనే పనికిరాని పదార్థంగా మారిపోతుంది. పొద్దున్నే, ఏమీ తినకముందు బరువు చూసుకుని రాసుకోవాలి. నాలుగు వారాల తర్వాత కిలో పెరిగి, అదే దూరం పరుగు నెమ్మదించిందంటే మానేయడం మంచిది. నిల్వ మామూలు స్థాయికి దిగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంత వ్యవధి లేనివాళ్లు అసలు మొదలుపెట్టకూడదు.

చేపలు తినేవాళ్లకు ఇది అక్కర్లేదన్న మాట గోదావరి జిల్లాల్లో తరచూ వినిపిస్తుంది. పచ్చి చేప కిలోలో ఉండేది 4, 5 గ్రాములే. రోజూ పావుకిలో తిన్నా అందేది సుమారు గ్రామే. బొత్తిగా మాంసం, చేప ముట్టనివాళ్ల కండరాల్లో నిల్వ తక్కువ కాబట్టి వాళ్లకు మార్పు ఎక్కువగా తెలుస్తుంది.

ఇంకొకటి. క్రియేటిన్ వాడేవాళ్ల రక్త పరీక్షలో క్రియాటినిన్ కాస్త ఎక్కువ చూపించవచ్చు, అంతమాత్రాన కిడ్నీ దెబ్బతిన్నట్టు కాదు. రక్తం ఇచ్చే ముందే డాక్టరుకి వాడుతున్న సంగతి చెప్పాలి. కిడ్నీ జబ్బు ముందే ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చెప్పకుండా దీని జోలికి వెళ్లకూడదు.