మూడో రోజే గెలిచిన నాణెం

ఒక మామూలు నాణాన్ని రోజుకు వందసార్లు చొప్పున పదిరోజులు ఎగరేశాం అనుకోండి. మొదటి రోజు బొమ్మ 54 సార్లు పడింది. రెండో రోజు సాయంత్రానికి మొత్తం 200లో 110. మూడో రోజుకు 300లో 168. లోపం లేని నాణెం 300 విసుర్లలో 167 సార్లో అంతకు మించో బొమ్మ చూపడం అరుదు. అటు బొమ్మ వైపైనా ఇటు బొరుసు వైపైనా ఇంత తేడా రావడానికి అవకాశం వందలో అయిదు పాళ్లే. అక్కడే ఆపేస్తే ‘ఈ నాణెం బొమ్మ వైపు మొగ్గుతోంది’ అని లెక్కలతో సహా చూపించవచ్చు. ఆపకుండా కొనసాగిస్తే పదో రోజుకు 1000లో 512 వచ్చింది. తేడా ఏమీ లేదు.

అమ్మకాల వెబ్‌సైట్లలో కొత్త బటన్‌ను పరీక్షించేటప్పుడు జరిగేది అచ్చం ఇదే. సగం మందికి పాత బటన్, సగం మందికి కొత్తది చూపిస్తారు. పొద్దున్నే కాఫీ చేతిలో పట్టుకుని ఫలితాల పట్టిక తెరుస్తారు. కేవలం అదృష్టం వల్ల ఇంత తేడా రావడానికి అవకాశం అయిదు శాతమే అనే గీత దాటిందని పట్టికలో పచ్చరంగు కనబడగానే పరీక్ష ముగించి, కొత్త బటన్‌కు విజయతిలకం దిద్దుతారు.

ఆ అయిదు శాతానికి ఒక షరతు ఉంది. ఎప్పుడు ఆపాలో ముందే నిర్ణయించుకుని, ఆ రోజు ఒక్కసారే చూస్తేనే అది వర్తిస్తుంది. రోజూ చూసేవాళ్లు తేడా కనబడని రోజున ‘ఇంకొంచెం చూద్దాం’ అంటారు, కనబడిన రోజున ఆపేస్తారు. మన జట్టు ముందంజలో ఉన్న ఓవర్లోనే మ్యాచ్ ముగించే హక్కు మన చేతికి ఇచ్చినట్టు! అదృష్టానికి పది అవకాశాలు దక్కుతాయి, వాటిలో ఒక్కటి ఫలిస్తే చాలు.

అలాగని పది చూపులకు తప్పు యాభై శాతం అయిపోదు. ప్రతిరోజు మొత్తంలోనూ నిన్నటి లెక్క కలిసి ఉంటుంది కాబట్టి, ఈ పది అవకాశాలు ఒకదానికొకటి సంబంధం లేనివి కావు. 1969లో ఆర్మిటేజ్, మెక్‌ఫర్సన్, రో అనే ముగ్గురు ఈ లెక్క తేల్చారు. రెండుసార్లు చూస్తే తప్పుడు నిర్ధారణకు అవకాశం 8.3 శాతం, అయిదుసార్లకు 14.2, పదిసార్లకు 19.3. చూస్తూనే పోతే ఎప్పుడో ఒకప్పుడు గీత దాటడం ఖాయమని గణితంలో రుజువే ఉంది.

19 శాతమే కదా అనిపించవచ్చు. వంద కొత్త ఆలోచనల్లో పదే నిజంగా మెరుగైనవి అనుకుందాం. పరీక్ష వాటిలో ఎనిమిదో తొమ్మిదో పట్టుకుంటుంది. మిగిలిన తొంభైలో ఏ తేడా లేదు. ఒక్కసారే చూస్తే ఆ తొంభైలో రెండు మాత్రమే పొరపాటున విజేతలవుతాయి. పదిసార్లు చూస్తే దాదాపు తొమ్మిది అవుతాయి (పొరపాట్లలో సగం కొత్తది ఓడిందని చెప్పేవి కాబట్టి సగమే లెక్కలోకి తీసుకున్నాను). అంటే ప్రకటించిన విజేతల్లో సుమారు సగం ఉత్తవే.

తొందరగా ఆపడంలో ఇంకో చిక్కు ఉంది. మొదటి రోజు గీత దాటాలంటే వందకు 60 బొమ్మలు కావాలి. పదో రోజున 53.1 శాతం చాలు. కాబట్టి ముందుగా ఆపినవారికి చేతికందేది ఎప్పుడూ పెద్ద అంకే. మన నాణెం కూడా మూడో రోజున 56 శాతం చూపింది మరి. పరీక్షలో కనబడిన లాభం బటన్‌ను అందరికీ పెట్టాక కరిగిపోతోందంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. రెండు వైపులా ఒకే బటన్ పెట్టి, మీ అలవాటు ప్రకారమే రోజూ చూస్తూ పరీక్షిస్తే గుట్టు బయటపడుతుంది. ఇలాంటి ఉత్తుత్తి పరీక్షల్లో ఇరవైకి నాలుగు ‘తేలితే’ తప్పు బటన్‌ది కాదు.

రోజూ చూడక తప్పదనుకుంటే గీతను దూరం జరపాలి. 1977లో పోకాక్ సూచించిన పద్ధతిలో, పది చూపులకు ప్రతిసారీ అయిదు శాతం బదులు సుమారు 1.06 శాతం గీత పెట్టుకుంటే మొత్తం తప్పు అయిదు శాతం దగ్గరే ఆగుతుంది. ఆ లెక్కన మూడో రోజు 173 బొమ్మలు రావాలి. మన 168 చాలదు. దీనికి మూల్యం ఉంది: చిన్నదే అయినా నిజమైన తేడాను పట్టుకోవాలంటే మరింత మంది సందర్శకులు కావాలి. రెండేళ్ల తర్వాత ఓబ్రయన్, ఫ్లెమింగ్ వేరే దారి చూపారు. తొలి రోజుల్లో గీత చాలా కఠినంగా ఉండి, చివరికి మామూలు గీతకు దగ్గరవుతుంది. నా మొగ్గు దీనివైపే, ఎందుకంటే తొందరపాటు ఎక్కువగా ఉండేది తొలి రోజుల్లోనే.

పేజీ తెరుచుకోవడం లేదా, డబ్బు చెల్లింపు ఆగిపోయిందా అని రోజూ చూడటంలో తప్పులేదు. విజేతను తేల్చే చూపుకే లెక్క ఉంటుంది. పదో రోజున 1000లో 530 వచ్చి, గీతకు ఒక్క బొమ్మ తక్కువైందనుకోండి. ‘ఇంకో రెండు రోజులు పొడిగిద్దాం’ అన్న మాట అప్పుడే వినబడుతుంది. అది పదకొండో చూపు, పన్నెండో చూపు.