వీసా మాట ఎప్పుడు ఎత్తాలి: అపోహలు - వాస్తవాలు

"అన్నా, వీసా గురించి అడిగితే పక్కన పెట్టేస్తారంట. ఆఫర్ వచ్చాక అడుగుతాను." బ్రిటన్ కంపెనీలకు ఇక్కడి నుంచి మనుషుల్ని చూసిపెట్టే పనిలో ఉన్నాను కాబట్టి ఈ మాట తరచూ వింటాను. ఎవరు పుట్టించారో గానీ, దీనివల్ల చాలామంది నష్టపోతున్నారు.

అపోహ: ఆఫర్ వచ్చేదాకా వీసా మాట ఎత్తకూడదు.

స్కిల్డ్ వర్కర్ వీసాకు కంపెనీ దగ్గర స్పాన్సర్ లైసెన్స్, అంటే విదేశీయుల్ని ఉద్యోగంలోకి తీసుకునే ప్రభుత్వ అనుమతి ఉండాలి. లైసెన్స్ ఉన్న కంపెనీల జాబితా gov.uk లో ఎవరైనా చూడొచ్చు. అయితే పేరు ఉన్నంత మాత్రాన ఈ ఉద్యోగానికి స్పాన్సర్ చేస్తారని కాదు. జీతం కూడా సరిపోవాలి. 2025 జూలై నుంచి మామూలుగా ఏడాదికి కనీసం 41,700 పౌండ్లు ఉండాలి, ఆ ఉద్యోగానికి నిర్ణయించిన రేటు అంతకన్నా ఎక్కువైతే అదే లెక్క. 26 ఏళ్లు నిండనివారి లాంటి కొందరికే తగ్గింపు.

నేను చూసిన ఒక విజయవాడ అబ్బాయి, వయసు 29. మూడు రౌండ్లు బాగా చేశాడు, వీసా ఊసే ఎత్తలేదు. ఆఫర్ 40,000కి వచ్చింది. అప్పుడు అడిగాడు. కంపెనీకి లైసెన్స్ ఉంది, వాళ్లకు అతను నచ్చాడు కూడా. కానీ బడ్జెట్ అప్పటికే ఖరారైపోయింది, 1,700 పౌండ్లు పెంచడానికి మళ్లీ అనుమతి తేలేకపోయారు. మొదటి కాల్ తర్వాతే అడిగి ఉంటే జీతం ఖరారు కాకముందే ఆ తేడా బయటపడేది. ఆ రోజు అతను ఫోన్‌లో మాట్లాడలేకపోయాడు, నాకు ఇప్పటికీ బాధే.

అందుకే మొదటి కాల్ అయ్యాక పంపే థాంక్యూ మెయిల్‌లోనే చివర్లో రెండు వాక్యాలు చాలు: నేను ఇండియాలో ఉన్నాను, నాకు స్కిల్డ్ వర్కర్ స్పాన్సర్‌షిప్ కావాలి. ఈ ఉద్యోగానికి అది ఇస్తారా, అనుకున్న జీతం దానికి సరిపోతుందా? క్షమాపణలు, కుటుంబ పరిస్థితులు రాయకండి. కాదంటే ఆ రోజే తెలుస్తుంది.

అపోహ: వీసా, రీలొకేషన్ రెండూ ఒకేసారి అడిగేయాలి.

వద్దు. స్పాన్సర్‌షిప్ లేకపోతే ఉద్యోగమే లేదు, అది ముందు తేలాలి. రీలొకేషన్ బేరం సంగతి. ఆఫర్ నోటిమాటగా వచ్చాక, సంతకానికి ముందు అడగండి. "సపోర్ట్ ఇస్తారా" అని కాకుండా పద్దుల వారీగా అడగండి: వీసా ఫీజు, హెల్త్ సర్‌చార్జ్, టికెట్లు, మొదటి నెల అద్దె. సర్‌చార్జ్ పెద్దవాళ్లకు తలా ఏడాదికి 1,035, పిల్లలకు 776 పౌండ్లు, మొత్తం ముందే కట్టాలి. భార్యాభర్తలు, ఒక పాప మూడేళ్లకు వెళితే 8,538 పౌండ్లు. ఈ లెక్క తెలియక సంతకం పెట్టి, తర్వాత అప్పు కోసం తిరిగినవాళ్లు ఉన్నారు. ఇచ్చినా, మధ్యలో మానేస్తే తిరిగి కట్టాలనే షరతు సాధారణంగా ఉంటుంది. ఎన్ని నెలలకో చదవండి.

అపోహ: ఫారంలో స్పాన్సర్‌షిప్ అక్కర్లేదని టిక్ పెట్టి తర్వాత చూసుకోవచ్చు. అబద్ధమని తేలిన రోజే ఆఫర్ పోతుంది.

అపోహ: సీఓఎస్, అంటే వీసా కోసం కంపెనీ ఇచ్చే స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్, డబ్బులిచ్చి కొనుక్కోవచ్చు. సీఓఎస్ ఫీజు, విదేశీ ఉద్యోగిని స్పాన్సర్ చేసినందుకు ప్రభుత్వానికి కట్టే స్కిల్స్ చార్జ్ కంపెనీయే భరించాలి, మీ మీద వేయకూడదు. ఎవరైనా వీటికి డబ్బు అడిగితే ఆ మెయిల్‌కు జవాబివ్వకండి.