20.4375లో నమ్మదగిన అంకెలు ఎన్ని?

మా మేనకోడలు పదో తరగతి చదువుతోంది. మొన్న సాయంత్రం నోటుబుక్కు పట్టుకొచ్చి, "మావయ్యా, జవాబు 20.4375 అని ఇచ్చారు. నాకు క్యాలికులేటర్‌లో 20.38 వస్తోంది. మూడుసార్లు చేశాను, ఎక్కడ తప్పు చేశానో తెలియట్లేదు" అంది. లెక్క పదో తరగతి పిల్లలందరికీ తెలిసినదే. 15 సెం.మీ. వ్యాసార్ధం గల వృత్తంలో ఒక జ్యా కేంద్రం దగ్గర 60 డిగ్రీల కోణం చేస్తుంది. అల్ప వృత్తఖండం వైశాల్యం ఎంత? π = 3.14, √3 = 1.73 గా తీసుకోమని కింద రాసి ఉంటుంది. మా అమ్మాయి ఆ సూచన చూడకుండా క్యాలికులేటర్‌లో ఉన్న π బటన్, వర్గమూలం బటన్ నొక్కేసింది.

ఇంతకీ ఆమెకు వచ్చిన 20.38 నిజానికి దగ్గర. అసలు విలువ 20.3819. అచ్చులో ఉన్న 20.4375లో ఆరు అంకెలున్నా, అందులో 20 మీద మాత్రమే పూర్తిగా భరోసా పెట్టుకోవచ్చు. ఆ తర్వాతి 4 కూడా అదృష్టవశాత్తూ సరిపోయింది. ఆ అదృష్టం ఎలా పట్టిందో చూస్తే π కి ఏ విలువ తీసుకోవాలన్న ప్రశ్న చాలావరకు తేలిపోతుంది.

వృత్తఖండం వైశాల్యం రావాలంటే సెక్టరులోంచి త్రిభుజాన్ని తీసేయాలి. సెక్టరు వైశాల్యం 37.5 × π. త్రిభుజం సమబాహు త్రిభుజం కాబట్టి దాని వైశాల్యం 56.25 × √3. పుస్తకం చెప్పిన విలువలు పెడితే 117.75 లోంచి 97.3125 పోయి 20.4375 మిగులుతుంది.

π అసలు విలువ 3.14159... కదా, 3.14 దానికంటే 0.0016 తక్కువ. దాన్ని 37.5 తో గుణిస్తే సెక్టరు దాదాపు 0.06 చదరపు సెం.మీ. తగ్గిపోయింది. √3 అసలు విలువ 1.73205, అంటే 1.73 కూడా 0.002 తక్కువే. దాన్ని 56.25 తో గుణిస్తే త్రిభుజం 0.115 తగ్గింది. త్రిభుజాన్ని తీసేస్తున్నాం కాబట్టి అది తగ్గితే జవాబు పెరుగుతుంది. ఒక తప్పు కిందికి లాగింది, రెండోది పైకి నెట్టింది. చివరికి 0.0556 ఎక్కువ మిగిలింది. పిల్లలు π గురించే టెన్షన్ పడతారు గానీ ఈ లెక్కలో పెద్ద దోషి √3.

ఇప్పుడు π స్థానంలో 22/7 పెట్టి, √3 ని 1.73 గానే ఉంచి చూడండి. 22/7 అసలు π కంటే కాస్త ఎక్కువ. కాబట్టి ఈసారి రెండు తప్పులూ ఒకే వైపు లాగుతాయి. జవాబు 20.54 వస్తుంది, అంటే దశాంశం తర్వాతి మొదటి అంకె 5 అయిపోతుంది. నిజానికి 3.14 కంటే 22/7 యే π కి దగ్గర. దాని తేడా 0.00126, 3.14 తేడా 0.00159. మంచి విలువ వాడితే చెడ్డ జవాబు వచ్చిందన్నమాట! 20.4375 ని కాపాడింది 3.14 మంచితనం కాదు, రెండు తప్పులు ఎదురెదురు పడటం.

22/7 అంటేనే π అని గట్టిగా నమ్మే పెద్దవాళ్లు నాకు ఇప్పటికీ కనిపిస్తుంటారు. బడిలో వ్యాసార్ధాలు 7, 14, 21 ఇచ్చి ఇచ్చి ఆ నమ్మకం పాతుకుపోయేలా చేశాం. వ్యాసార్ధం 7 అయితే వైశాల్యం చక్కగా 154 వస్తుంది, మరి అనుమానం ఎందుకొస్తుంది? అసలు విలువ 153.94. సా.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఆర్యభటుడు 20000 వ్యాసానికి 62832 పరిధి అని చెప్పి, అది "ఆసన్న" విలువ అని, అంటే దగ్గరిది మాత్రమేనని, అదే శ్లోకంలో రాశాడు. ఆ ఒక్క మాట మన తరగతి గదుల్లోకి రాకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఆర్యభటుడి 3.1416 తీసుకుని, √3 ని 1.732 గా పెడితే జవాబు 20.385. రెండింటికీ ఇంకా ఎక్కువ అంకెలు తీసుకుంటే 20.382. వేర్వేరు విలువలతో లెక్క మళ్లీ మళ్లీ చేసి, ఏ అంకెలు కదలకుండా నిలబడ్డాయో చూడటమే నేను మా అమ్మాయికి చెప్పిన పరీక్ష. 20.4375, 20.54, 20.385, 20.382 ఒకదాని కింద ఒకటి రాస్తే 2, 0 నిలిచాయి. చివరి రెండు చోట్లా 38 నిలిచింది. మూడంకెల విలువలతో మొదలుపెట్టి ఆరంకెల జవాబు రాయడం ఎందుకు కుదరదో ఈ వరుసే చూపిస్తుంది. సార్థక అంకెలంటే అలా నిలబడేవే.

మామూలు వృత్త వైశాల్యంలో ఇంత గొడవ ఉండదు. అక్కడ గుణకారమే కాబట్టి π లో ఎంత శాతం తప్పుందో జవాబులోనూ అంతే శాతం ఉంటుంది. 3.14 తో అది 0.05 శాతం, మూడు అంకెల జవాబుకు చాలా మటుకు సరిపోతుంది. తీసివేతలో మాత్రం తప్పు అలాగే ఉండి, జవాబు చిన్నదైపోతుంది. 117.8 లో ఉన్న తప్పు 20.4 మీదకు వచ్చి పడింది. అంటే శాతంలో చూస్తే దాదాపు ఆరు రెట్లయింది.

సవరించడం కూడా ఇక్కడే కొంప ముంచుతుంది. మూడు అంకెలే ఉంచుదామని మధ్యలోనే 117.75 ని 118 గా, 97.3125 ని 97.3 గా సవరిస్తే జవాబు 20.7 అవుతుంది. అందుకే 37.5π − 56.25√3 అని చివరి వరకూ గుర్తులతోనే ఉంచి, విలువలు ఆఖర్న పెట్టి, ఒక్కసారే సవరించాలి.

"మరి నేనేం రాయాలి?" అంది. పరీక్షలో π = 3.14 అని ఇస్తే అదే వాడి 20.4375 రాయమన్నాను. దిద్దేవాళ్ల చేతిలో ఉండేది ఆ సంఖ్యే. ఏమీ ఇవ్వకపోతే, 15, 60 కచ్చితమైన సంఖ్యలు అనుకుని 20.4 చాలు. అదే వృత్తం కాగితం మీద గీసి, కోణమానినితో కోణం కొలిచి ఉంటే? అర డిగ్రీ అటూ ఇటూ అయినా వైశాల్యం 0.5 చదరపు సెం.మీ. మారుతుంది. అప్పుడు 20 అని రాయడమే నిజాయితీ. క్యాలికులేటర్ π కి పది అంకెలు చూపించినా ఆ అర డిగ్రీని అది సరిచేయలేదు.

కోణం తగ్గించి చూద్దామని ఆ అమ్మాయే అంది. అదే వృత్తంలో 30 డిగ్రీలకు √3 అవసరం లేదు, ఎందుకంటే sin 30° కచ్చితంగా సగం. కాబట్టి తప్పంతా π దే. 3.14 తో 2.625, 22/7 తో 2.679, అసలు విలువ 2.655. 3.14 తో తప్పు ఒక శాతం దాటుతోంది. 10 డిగ్రీలకు సెక్టరు, త్రిభుజం దాదాపు సమానమైపోతాయి. అసలు విలువ 0.0995 అయితే 3.14 తో 0.0896 వచ్చింది, అంటే పదో వంతు మాయం. 22/7 తో 0.107. ఇక్కడ π కి 3.14159 దాకా వెళ్తేనే మూడు అంకెలు నిలబడ్డాయి. ఆ రాత్రి ఆమె 5 డిగ్రీలకు కూడా చేస్తానని కూర్చుంది.